ఎనిమిది వరుసల గొట్టాలు, పంతొమ్మిది డిగ్రీల వేడి

ఉప్పుడు బియ్యం మిల్లులో నానబెట్టి ఉడికించిన వడ్లు డ్రయ్యర్లోకి వెళ్లే చోట, చాలామంది పట్టించుకోని ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. ఒక పక్క బ్లోయర్ హోరెత్తుతూ బయటి గాలిని దానిలోకి నెడుతుంది. ఊక బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి పెట్టెలోని గొట్టాల్లో తిరుగుతుంది. రెండో పక్క నుంచి వేడెక్కిన గాలి బయటికొచ్చి వడ్ల తడిని పట్టుకుపోతుంది. మిల్లు వాళ్లలో కొందరు దీన్ని రేడియేటర్ అంటారు, కొందరు హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు.

గొట్టాల్లో 120 డిగ్రీల ఆవిరి ఉంది, బయటి గాలి 30 డిగ్రీలుంది. మరి పెట్టె దాటిన గాలి ఎంత వేడెక్కుతుంది? వంద దాటుతుందని కొందరు, ఎనభై అని కొందరు చెబుతారు. లెక్క వేస్తే వచ్చే జవాబు చాలామందిని నిరాశపరుస్తుంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

పెట్టెలో ఏముంది

మన పెట్టె ముఖం మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. లోపల 25 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న నున్నని ఉక్కు గొట్టాలు, ఒక్కొక్కటి మీటరు పొడవు, అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక వరుసలో ఒకదానిపై ఒకటిగా 20 గొట్టాలు. ఒక గొట్టం నడిమి నుంచి పై గొట్టం నడిమికి 50 మిల్లీమీటర్లు. గాలి వెళ్లే దిశలో అలాంటి వరుసలు 8, వరుసకీ వరుసకీ మధ్య దూరం కూడా 50 మిల్లీమీటర్లే. మొత్తం 160 గొట్టాలు.

అయితే రెండో వరుస మొదటి వరుసకి సరిగ్గా వెనకాల లేదు. సగం దూరం జరిగి, ముందు వరుసలోని ఖాళీకి ఎదురుగా నిలబడింది. ఇటుక గోడ కట్టేటప్పుడు మేస్త్రీ అతుకు మీద అతుకు రాకుండా సగం ఇటుక జరిపి పేరుస్తాడు కదా, అలాగే. ఇంజనీర్లు దీన్ని స్టాగర్డ్ అమరిక అంటారు, మనం జిగ్‌జాగ్ అనుకుందాం. మొదటి వరుస ఖాళీల్లోంచి దూసుకొచ్చిన గాలి నేరుగా రెండో వరుస గొట్టాల నుదుటికి తగులుతుంది. అక్కడ చీలి, రెండు పక్కలా జారి, మళ్లీ మూడో వరుసకి కొట్టుకుంటుంది. తిన్నగా పోయే దారే లేదు.

బ్లోయర్ గాలిని సెకనుకి 4 మీటర్ల వేగంతో పెట్టె ముఖం మీదికి తోస్తోంది. ముఖం ఒక చదరపు మీటరు కాబట్టి సెకనుకి 4 ఘనపు మీటర్లు, మిల్లు భాషలో చెప్పాలంటే దాదాపు 8,500 సీఎఫ్ఎం. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గేజ్ మీద 1 కేజీ చూపిస్తోంది, అంటే ఆవిరి దాదాపు 120 డిగ్రీల దగ్గర ఉంది. గొట్టం లోపల ఆవిరి నీరుగా మారుతూ వేడిని చాలా సులువుగా వదిలేస్తుంది, అసలు పీటముడి బయట గాలివైపే. అందుకే గొట్టం పైచర్మం కూడా 120 డిగ్రీల్లోనే ఉందనుకుంటే పెద్దగా తప్పు రాదు.

ఏ వేగం లెక్కలోకి రావాలి

మొదట కాలు జారేది ఇక్కడే. బ్లోయర్ పక్క కొలిస్తే గాలి వేగం 4 మీటర్లు. కానీ గొట్టాన్ని రాసుకుంటూ పోయే గాలి ఆ వేగంతో లేదు. మీటరు ఎత్తులో 20 గొట్టాలు, ఒక్కోటి 25 మిల్లీమీటర్లు, అంటే అర మీటరు ఇనుమే అడ్డం. మిగిలిన అర మీటరు ఖాళీలోంచే గాలంతా పోవాలి. దారి సగమైతే వేగం రెట్టింపు, అంటే సెకనుకి 8 మీటర్లు. ఈ అమరిక లెక్కలన్నిటికీ ఈ గరిష్ఠ వేగమే ఆధారం.

జిగ్‌జాగ్‌లో ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఒక వరుసలోని రెండు గొట్టాల మధ్య ఇరుకు ఉన్నట్టే, ముందు వరుస గొట్టానికీ వెనక వరుస గొట్టానికీ మధ్య ఏటవాలు ఇరుకూ ఉంటుంది. నిలువు ఖాళీ ఒక్కటి దాటిన గాలి చీలి రెండు ఏటవాలు ఖాళీల్లోకి వెళ్తుంది కాబట్టి, ఒక్కో ఏటవాలు ఖాళీ నిలువు ఖాళీలో సగం కన్నా పెద్దదైతే చాలు, గాలికి ఇబ్బంది లేదు. మన పెట్టెలో ఏటవాలు దూరం నడిమి నుంచి నడిమికి దాదాపు 56 మిల్లీమీటర్లు. గొట్టం మందం తీసేస్తే 31 ఖాళీ, కావలసింది 12.5. బోలెడంత ఉంది. అదే వరుసల మధ్య దూరాన్ని 50 నుంచి 25కి కుదిస్తే ఏటవాలు దారి దాదాపు 10 మిల్లీమీటర్లకి తగ్గిపోయి, అసలు ఇరుకు అక్కడికి మారుతుంది. అప్పుడు గరిష్ఠ వేగం 8 కాదు, 9.7 దగ్గరికి వెళ్తుంది.

కౌనస్ నుంచి వచ్చిన సూత్రం

గొట్టాల గుంపు మధ్య గాలి పోకడ చాలా గజిబిజిగా ఉంటుంది. ఒక గొట్టం వెనక లేచిన సుడులు తర్వాతి గొట్టం మీద పడతాయి. దీన్ని కాగితం మీద మొదటి నుంచి సాధించడం కుదరక, ప్రయోగశాలల్లో గొట్టాలు పేర్చి, గాలి వదిలి కొలిచారు. 1937లో గ్రిమిసన్ ఇలాంటి కొలతల్ని సూత్రంగా కూర్చాడు. తర్వాత లిథువేనియాలోని కౌనస్ నగరంలో పరిశోధనలు చేసిన జుకౌస్కస్ 1972లో ప్రచురించిన సూత్రాలు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. మన పెట్టెకి సరిపడేది ఇది:

```
Nu = 0.35 × (ST/SL)^0.2 × Re^0.6 × Pr^0.36 × (Pr/Prs)^0.25
```

చూడటానికి భయపెట్టినా, దీనిలో ఉన్నవి కొన్ని సంగతులే. `ST` అంటే వరుసలోని గొట్టాల మధ్య దూరం, `SL` అంటే వరుసల మధ్య దూరం. మనకి రెండూ 50, నిష్పత్తి 1. `Re` రేనాల్డ్స్ సంఖ్య. గాలి ఎంత దూకుడుగా సుడులు తిరుగుతోందో అది చెబుతుంది. `Pr` ప్రాంట్ల్ సంఖ్య గాలి స్వభావానికి సంబంధించింది, మామూలు ఉష్ణోగ్రతల్లో 0.7 చుట్టూనే ఉంటుంది. `Prs` అదే సంఖ్య, కాకపోతే గొట్టం చర్మం ఉన్న ఉష్ణోగ్రత దగ్గర. చివరికి వచ్చే `Nu` నస్సెల్ట్ సంఖ్య. దాని నుంచి మనకి కావలసిన ఉష్ణ బదిలీ గుణకం వస్తుంది. రేనాల్డ్స్ సంఖ్య 1,000కీ 2,00,000కీ మధ్య ఉండి, `ST/SL` 2 లోపు ఉంటేనే ఈ రూపం వాడాలి.

గాలి గుణాలు దాని ఉష్ణోగ్రతని బట్టి మారతాయి. లోపలికి వచ్చే గాలి 30 అని తెలుసు, బయటికి ఎంతలో వస్తుందో తెలియదు. తెలుసుకోవాలన్నదే అది! కాబట్టి ముందు ఒక అంకె ఊహించాలి. 50 అనుకుంటే సగటు 40. ఆ దగ్గర పట్టిక నుంచి గుణాలు తీసుకుంటే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 11,750 వస్తుంది, నస్సెల్ట్ సంఖ్య 86.8.

దీనికి చిన్న తగ్గింపు చేయాలి. మొదటి వరుసకి తగిలేది బ్లోయర్ నుంచి వచ్చిన కాస్త నెమ్మదైన గాలి. సుడులు ఇంకా పుట్టలేదు. లోపలి వరుసలకి మాత్రం ముందు వరుసలు చిలికి వదిలిన గాలి తగులుతుంది. అందుకే ఒకే ఒక్క వరుస ఉన్న పెట్టెలో గుణకం, పెద్ద గుంపులో వచ్చేదానిలో 0.64 వంతే ఉంటుంది. నాలుగు వరుసలుంటే సగటు 0.89, ఎనిమిదికి దాదాపు 0.96. మన సంఖ్య 83.4 అయింది. దాన్ని గాలి ఉష్ణవాహకతతో గుణించి, గొట్టం వ్యాసంతో భాగిస్తే సగటు ఉష్ణ బదిలీ గుణకం 89 వస్తుంది. అంటే ఒక చదరపు మీటరు గొట్టం చర్మం, గాలి తనకన్నా ఒక డిగ్రీ చల్లగా ఉంటే, 89 వాట్లు ఇస్తుంది.

గరిష్ఠ వేగం బదులు పొరపాటున 4 మీటర్ల వేగమే పెట్టి ఉంటే ఈ 89 కాస్తా 59 అయ్యేది. మూడో వంతు పోయినట్టే.

తొంభై డిగ్రీల ఆశ

గొట్టాలన్నిటి పైచర్మం కలిపితే 12.57 చదరపు మీటర్లు. 89తో గుణిస్తే ఒక డిగ్రీ తేడాకి 1,115 వాట్లు. తేడా 120కీ 30కీ మధ్య 90 డిగ్రీలు కాబట్టి మొత్తం వేడి 100 కిలోవాట్లు అని గుణించి పారేయాలనిపిస్తుంది. రెండోసారి కాలు జారేది ఇక్కడ.

ఆ 90 డిగ్రీల తేడా మొదటి వరుస దగ్గరే ఉంది. గాలి వేడెక్కే కొద్దీ గొట్టానికీ గాలికీ మధ్య తేడా తగ్గుతుంది, తేడా తగ్గే కొద్దీ తర్వాతి వరుస ఇచ్చే వేడి తగ్గుతుంది. మిల్లు యంత్రం మీద ఏటేటా మిగిలిన విలువలో ఇంత శాతం అని తరుగుదల రాసుకుంటాం కదా, సరిగ్గా అదే తీరు. సూత్రంగా రాస్తే:

```
Te = Ts − (Ts − Ti) × exp(−h·A / (m·cp))
```

`Te` బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రత, `Ti` లోపలికొచ్చేది, `Ts` గొట్టం చర్మానిది. `h` మన 89, `A` గొట్టాల వైశాల్యం. `m·cp` అంటే గాలి మొత్తాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసింది. సెకనుకి 4.66 కిలోల గాలి వస్తోంది, దాన్ని డిగ్రీ పెంచడానికి దాదాపు 4,690 వాట్లు కావాలి. గొట్టాలు డిగ్రీ తేడాకి ఇవ్వగలిగింది 1,115. ఈ రెండిటి నిష్పత్తి 0.238. ఎక్స్‌పొనెన్షియల్ బటన్ నొక్కితే 0.788. అంటే ఎనిమిది వరుసలూ దాటాక కూడా మొదటి తేడాలో దాదాపు 79 శాతం మిగిలే ఉంది. 90 డిగ్రీల తేడా 71 అయింది. గాలి 49 డిగ్రీలకి చేరింది.

పెరిగింది 19 డిగ్రీలే. మొదట 50 అని ఊహించాం, 49 వచ్చింది కాబట్టి మళ్లీ లెక్క తిప్పనక్కర్లేదు. ఊహ పది డిగ్రీలు తప్పినా అసలు జవాబు పెద్దగా కదిలేది కాదు.

19 డిగ్రీలని 4,690తో గుణిస్తే మొత్తం వేడి దాదాపు 89 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు నలభై అయిదు ఒకేసారి పెట్టినంత. పుస్తకాల్లో ఇదే మాటని లాగ్ సగటు తేడా అనే పేరుతో చెబుతారు. మొదటి తేడా 90, చివరి తేడా 71 ఉంటే లాగ్ సగటు 80.1. దాన్ని 1,115తో గుణించినా అదే 89 కిలోవాట్లు వస్తుంది. నేరుగా 90తో గుణించిన వాళ్లకి 12 శాతం ఎక్కువ కనబడుతుంది, అంతే తేడా.

ఈ అంకెల్ని అక్షరాలా నమ్మకూడదు. జుకౌస్కస్ సూత్రానికి 15 శాతం అటూ ఇటూ పొరపాటు ఉండొచ్చని పుస్తకాలే చెబుతాయి. అంత తేడా వచ్చినా బయటి గాలి 46.5కీ 51.5కీ మధ్యలోనే ఉంటుంది. ఎనభై మాత్రం రాదు.

వరుసలు పెంచితే?

వడ్లకి 65 డిగ్రీల గాలి కావాలనుకుందాం. 8 వరుసలకి 19 డిగ్రీలు పెరిగితే, 16 వరుసలకి 38 పెరిగి 68 రావాలి కదా? రాదు. తరుగుదల లెక్కే వేస్తే 65 దగ్గర ఆగుతుంది. ఈసారికి పని జరిగింది, కాబట్టి తేడా చిన్నదే అనిపిస్తుంది. గాలి 100 డిగ్రీలు కావాలంటే తెలుస్తుంది అసలు సంగతి. వరుసకి 2.4 డిగ్రీల చొప్పున చూస్తే 29 వరుసలు చాలనిపిస్తుంది. నిజంగా కావలసింది దాదాపు 50. చివరి వరుసల దగ్గర తేడా 20 డిగ్రీలకి పడిపోతుంది కాబట్టి అవి ఒక్కోటి అర డిగ్రీ చిల్లర మాత్రమే చేరుస్తాయి. అంత ఇనుము పెట్టడం దండగ కనుకే, బాగా వేడి గాలి కావలసిన చోట నున్నని గొట్టాలు మానేసి, చుట్టూ పల్చని రేకులు తొడిగిన గొట్టాలు వాడతారు. వాటికి ఈ సూత్రం పనికిరాదు, వేరే లెక్క ఉంది.

ఆవిరి ఒత్తిడి పెంచితే? గేజ్ 1 కేజీ నుంచి 3 కేజీలకి పెంచితే ఆవిరి 143 డిగ్రీలకి వెళ్తుంది. బయటి గాలి మాత్రం 49 నుంచి 54కే పెరుగుతుంది, ఎందుకంటే పెరిగిన 23 డిగ్రీల్లో గాలికి చేరేది అయిదో వంతే.

వరుసలు దగ్గరగా జరిపితే? వరుసల మధ్య దూరాన్ని 50 నుంచి 30 మిల్లీమీటర్లకి తగ్గిస్తే సూత్రంలోని మొదటి పదం వల్ల గుణకం 11 శాతం పెరిగి 98 అవుతుంది, పెట్టె పొట్టిగానూ వస్తుంది. జిగ్‌జాగ్ లాభం నిజంగా కనబడేది ఇలా దగ్గరగా పేర్చినప్పుడే. మన పెట్టెలా ఎడంగా పేరిస్తే, ఒకదాని వెనక ఒకటి తిన్నగా పెట్టిన గొట్టాలకీ దీనికీ గుణకంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కాకపోతే దగ్గరగా పేర్చిన గొట్టాల మధ్య ఊక దుమ్ము ఇరుక్కుంటే తీయడానికి బ్రష్షు దూరదు.

డ్రమ్ము చెప్పే నిజం

లెక్క సరే, పెట్టె నిజంగా 89 కిలోవాట్లు ఇస్తోందని ఎలా తెలుస్తుంది? దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఆవిరి వేడిని వదిలితే నీరవుతుంది, ఆ నీరు స్టీమ్ ట్రాప్ లోంచి బయటికొస్తుంది. 120 డిగ్రీల దగ్గర ఒక కిలో ఆవిరి నీరైతే దాదాపు 2,200 కిలోజౌళ్లు వదులుతుంది. 89 కిలోవాట్లంటే గంటకి 146 కిలోల నీరు, అంటే అయిదు నిమిషాలకి 12 కిలోలు.

ఒక డ్రమ్ములో 20 కిలోల చన్నీళ్లు పోసి తూకం వేయాలి. ట్రాప్ నుంచి వచ్చే గొట్టాన్ని ఆ నీళ్లలో ముంచి, అయిదు నిమిషాలు గడియారం చూసి, మళ్లీ తూకం వేయాలి. చన్నీళ్లు ఎందుకంటే, 120 డిగ్రీల నీరు బయటి గాలి తగలగానే కొంత ఆవిరై ఎగిరిపోతుంది, తూకం తగ్గిపోతుంది. చేతులకి మందపాటి తొడుగులు తప్పనిసరి.

డ్రమ్ము తూకాన్ని బయటి గాలి థర్మామీటరుతో కలిపి చదవాలి, విడిగా కాదు. థర్మామీటరు 49 బదులు 42 చూపిస్తూ, డ్రమ్ములో 12 బదులు 8 కిలోల లోపే నీరు చేరితే వేడి పుట్టడమే తగ్గింది. ట్రాప్ మూసుకుపోయి కింది గొట్టాల్లో నీరు నిలిచి ఉండొచ్చు, ఆవిరితో వచ్చిన గాలి గొట్టాల్లో ఇరుక్కుని ఉండొచ్చు, గొట్టాల మీద దుమ్ము మందంగా పట్టి ఉండొచ్చు. ఉష్ణోగ్రత తుపాకీతో గొట్టాల్ని ఒక్కొక్కటిగా చూస్తే నీరు నిలిచినవి చల్లగా దొరికిపోతాయి. డ్రమ్ములో నీరు సరిగ్గానే ఉండి గాలి మాత్రం చల్లగా ఉంటే, పెట్టెకీ డ్రయ్యర్‌కీ మధ్య ఎక్కడో బయటి గాలి చొరబడుతోందని అనుమానించాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి ఉంది. థర్మామీటరు 51 చూపిస్తుంది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువే. మిల్లులో అందరికీ సంతోషం. కానీ వడ్లు మాత్రం ఆరడం లేదు. డ్రమ్ము చూస్తే అయిదు నిమిషాలకి 10 కిలోలే. కారణం ఏమిటంటే, బెల్టు జారో, జల్లెడ మూసుకుపోయో బ్లోయర్ గాలి తగ్గి, వేగం 4 నుంచి 3 మీటర్లకి పడిపోయింది. నెమ్మదిగా పోయే గాలి గొట్టాల దగ్గర ఎక్కువసేపు ఉండి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. కానీ వచ్చే గాలే ముప్పావు వంతు కాబట్టి, మొత్తం వేడి 89 నుంచి 74 కిలోవాట్లకి తగ్గింది. వడ్లని ఆరబెట్టేది థర్మామీటరు మీది అంకె కాదు, ఆ 74 కిలోవాట్లే. బెల్టు బిగించి, జల్లెడ దులిపాక థర్మామీటరు రెండు డిగ్రీలు దిగితే కంగారు పడనక్కర్లేదు. అది 49 దగ్గర నిలబడి, డ్రమ్ము మళ్లీ 12 కిలోలు తూగితే పెట్టె తన పని తాను చేస్తున్నట్టే.